పురిటి సెలవు లేఖ

2025 జూలై 13వ తేదీ, ఆదివారం సాయంకాలం. ఒకప్పుడు నా దగ్గర బి.ఏ. చదివి, ఆ పిమ్మట ఎం.ఏ. పూర్తిచేసి, రెండేళ్లుగా ఒక ప్రైవేటు డిగ్రీ కళాశాలలో తెలుగు అధ్యాపకురాలుగా పనిచేస్తున్న నా శిష్యురాలు మా యింటికి వచ్చింది. ఆమెకు అప్పుడు ఎనిమిదవ నెల. మెట్లెక్కి వచ్చిన ఆయాసం తీరేదాకా కుర్చీలో కూర్చుని, మంచినీళ్లు త్రాగి, సంచిలోనుంచి ఒక కాగితం తీసి నా చేతికిచ్చింది.

“మేడమ్, రేపు ప్రిన్సిపాలుగారికి ఇవ్వాలి. భాష ఒక్కసారి దిద్దిపెట్టండి” అన్నది.

అది పురిటి సెలవు కోసం వ్రాసిన లేఖ. తాను గర్భవతి నైనందున కొన్ని నెలలపాటు సెలవు దయచేయించవలసినదిగా సవినయంగా ప్రార్థిస్తున్నాననీ, ఈ ఉపకారానికి సర్వదా కృతజ్ఞురాలనై ఉంటాననీ, ఇంటినుంచి కూడ చేతనైన సాయం చేస్తూనే ఉంటాననీ వ్రాసింది. అక్షరదోషం ఒక్కటి లేదు. సంధులు చక్కగా కుదిరినవి. దిద్దడానికి ఎఱ్ఱకలం తెరిచి, మళ్లీ మూసివేశాను. దిద్దవలసినది భాష కాదు. ఆ లేఖలో వినయం నిండుగా ఉన్నది గాని, తేదీ ఒక్కటి కూడ లేదు.

ఆ కాగితం చూడగానే నా మనస్సు 1998కి వెళ్లింది. నేను కూడ అటువంటి లేఖే వ్రాశాను. అప్పుడు నేను పనిచేస్తున్న కళాశాల పేరు ఇక్కడ అనవసరం. “ప్రసవకారణంగా కొంతకాలం సెలవు దయచేయ ప్రార్థన” అని నాలుగు పంక్తులు వ్రాసి, గుమాస్తా బల్లమీద పెట్టి, పుట్టింటికి వెళ్లిపోయాను. నకలు ఉంచుకోలేదు. అందినట్లు ఎవరి సంతకమూ తీసుకోలేదు. బిడ్డతో తిరిగివచ్చేసరికి నా తరగతులలో మరొకరు కుదురుకొని ఉన్నారు. “మీరెప్పుడు వస్తారో, అసలు వస్తారో రారో మాకు తెలియదు కదమ్మా!” అన్నారు యాజమాన్యంవారు. మరొక కొత్త నియామకపు కాగితం చేతిలో పెట్టారు. అంతకుముందు చేసిన మూడేళ్ల సర్వీసూ, దానితోపాటు ఇంక్రిమెంట్లూ ఆ కాగితం క్రింద సమాధి అయినవి. చట్టం నా పక్షానే ఉన్నదని నాకు తరువాత తెలిసింది. కాని నేను ఎప్పుడు వెళ్లానో, ఎప్పుడు వస్తానన్నానో నిరూపించే చీటీ ముక్క నా దగ్గర లేదు.

అందుచేత ఆ సాయంకాలం మేమిద్దరం కూర్చుని ఆ లేఖను మొదటినుంచి తిరిగి వ్రాశాము. ఆ వ్రాతలో ఒక్కొక్క వాక్యం ఎందుకు చేరిందో చెప్పడమే ఈ వ్యాసం పని.

మొట్టమొదట మారినది ఒక క్రియాపదం. “ప్రార్థిస్తున్నాను” అనే మాట తీసివేసి “తెలియజేస్తున్నాను” అని వ్రాయించాను. ఆ పిల్ల కొంచెం జంకింది. “పెద్దవారికి అలా వ్రాస్తే పొగరు అనుకోరా?” అన్నది. మన లేఖారచనా సంప్రదాయంలో విన్నపాలకూ, చిత్తగింపులకూ, దివ్యసముఖాలకూ కొదువ లేదు. ఒకరి దయమీద ఆధారపడిన వ్యవహారానికి అవి తగినవే. పురిటి సెలవు అటువంటిది కాదు. 1961లో వచ్చిన ప్రసూతి ప్రయోజన చట్టం దానిని హక్కుగా నిర్ణయించింది. మొదట 12 వారాలుగా ఉన్న ఆ సెలవు 2017లో వచ్చిన సవరణతో 26 వారాలయింది. మా శిష్యురాలు లేఖ వ్రాసేనాటికి అమలులో ఉన్నది ఆ చట్టమే. ఆమె సెలవులో ఉండగా, 2025 నవంబరు 21న సామాజిక భద్రతా స్మృతి అమలులోకి వచ్చి పాత చట్టం స్థానాన్ని ఆక్రమించింది. కాని 26 వారాల లెక్కగాని, నోటీసు పద్ధతిగాని మారలేదు. ఇద్దరు బిడ్డలు జీవించి ఉన్న తల్లికి మాత్రం ఆ తరువాతి కాన్పుకు 12 వారాలే. ప్రభుత్వ కళాశాలలలో పనిచేసేవారికి వారి సర్వీసు నిబంధనలు వేరుగా ఉన్నవి. అక్కడి లెక్క 180 రోజులు.

చట్టం ఆ లేఖను “అర్జీ” అనడం లేదు, “నోటీసు” అంటున్నది. ఆ నోటీసులో మూడు సంగతులు ఉండాలి. ఏ తేదీనుంచి పనికి రాదో చెప్పాలి. తనకు రావలసిన సొమ్ము తనకుగాని, తాను పేర్కొన్న మరొకరికిగాని చెల్లించవలసినదని వ్రాయాలి. సెలవు కాలంలో మరే సంస్థలోను పని చేయనని మాట ఇవ్వాలి. మనవాళ్లు వ్రాసే లేఖలలో ఈ చివరి రెండూ దాదాపు కనిపించవు. వాటికి బదులు కృతజ్ఞతలు కనిపిస్తవి! నోటీసు ముందుగా ఇవ్వలేకపోయిన తల్లి కాన్పు తరువాత వీలయినంత త్వరగా ఇవ్వవచ్చు. ఇవ్వనంతమాత్రాన హక్కు పోదు. అయినా ఇచ్చినదానికి ఉండే బలం ఇవ్వనిదానికి ఉండదని నా అనుభవం చెప్పనే చెప్పింది.

“నేను పర్మనెంటు కాదు కదా మేడమ్!” అన్నది ఆమె. ఇదే సందేహం ఢిల్లీ నగరపాలక సంస్థలో మస్టరురోలు మీద పనిచేసిన స్త్రీల విషయంలో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. రోజు కూలిమీద వీధులలో పనిచేసే తల్లికి కూడ ఈ హక్కు వర్తిస్తుందని 2000 సంవత్సరంలో ఆ న్యాయస్థానం తీర్పు చెప్పింది. పర్మనెంటు అన్న మాటతో దీనికి నిమిత్తం లేదు. ప్రసవానికి అనుకున్న తేదీకి ముందటి 12 నెలలలో కనీసం 80 రోజులు ఆ సంస్థలో పనిచేసి ఉండాలి, అంతే. 2023 జూన్ నుంచి పాఠాలు చెబుతున్న మా శిష్యురాలికి ఆ చింత లేదు.

ఇక తేదీలు. వైద్యురాలు ఇచ్చిన చీటీలో ప్రసవానికి అంచనా తేదీ 2025 సెప్టెంబరు 15, సోమవారం అని ఉన్నది. 26 వారాలలో 8 వారాలకు మించకుండా కాన్పుకు ముందు వాడుకోవచ్చు. అనగా ఆమె జూలై 21 నుంచే సెలవులో వెళ్లవచ్చు. ఎనిమిది వారాలు తప్పక ముందే వాడుకోవాలని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. ఎనిమిది అనేది గరిష్ఠం మాత్రమే. ముందు వాడిన ప్రతి వారమూ బిడ్డ పుట్టిన తరువాతి వారాలలోనుంచి తరిగిపోతుంది. జూలై 21న వెళితే 2026 జనవరి 19న తిరిగి రావాలి. అంతకు ఐదువారాలు ఆగి ఆగస్టు 25న వెళితే ఫిబ్రవరి 23న వస్తే చాలును. ఆరోగ్యం అనుమతించి, కళాశాలకు ప్రయాణం దూరాభారం కాకపోతే రెండవదే మేలు. ఆమె వైద్యురాలిని అప్పటికే అడిగి ఉన్నది. ఆగస్టు చివరిదాకా పనిచేయవచ్చునని ఆవిడ చెప్పింది.

ఆగస్టు 25 అని ఖాయం చేసుకొని, తిరిగివచ్చే తేదీ వేయమన్నాను. ఆమె వెంటనే “ఆరు నెలలు కదా! ఫిబ్రవరి 24తో అయిపోతుంది, 25న వస్తాను” అని వ్రాసింది. ఇది అందరూ చేసే తప్పు. 26 వారాలంటే ఆరు నెలలు కాదు, 182 రోజులు. ఆగస్టు 25నుంచి ఫిబ్రవరి 24 దాకా లెక్కిస్తే 184 రోజులవుతుంది. ఆ రెండు రోజులకూ సెలవు లేదు; అవి అనుమతి లేని గైరుహాజరీగా రిజిస్టరులో మిగిలిపోతవి. సరియైన లెక్కకు ఒక సులువు ఉన్నది. వారాలతో కొలిచే సెలవు సోమవారం మొదలైతే ఆదివారం ముగుస్తుంది, తిరిగి వచ్చేది సోమవారమే అవుతుంది. తిరిగివచ్చే రోజు వారం మారినదంటే లెక్క ఎక్కడో తప్పినదన్నమాట. ఫిబ్రవరి 25 బుధవారం. ఆమె క్యాలెండరు చూచి, నవ్వుకొని, ఫిబ్రవరి 22 ఆదివారంతో సెలవు ముగిసి 23 సోమవారం పనిలో చేరినట్లు దిద్దింది.

ఈ 182 రోజులలో ఆదివారాలూ పండుగలూ కలిసే ఉంటవి. అవి కలవడం వల్ల సెలవు తగ్గుతున్నదని కొందరు బాధపడతారు. కాని అదే లెక్క సొమ్ము విషయంలో తల్లికి మేలు చేసింది. కోయంబత్తూరు ప్రాంతపు తోటలో పనిచేసిన ఒక స్త్రీకి 1967లో కాన్పు అయింది. అప్పటి 12 వారాలకు ఆమెకు 84 రోజుల సొమ్ము రావలసి ఉండగా, ఆదివారాలు పనిదినాలు కావంటూ పన్నెండు రోజులు తగ్గించి 72 రోజులకే యాజమాన్యం చెల్లించింది. ఆ వివాదం సుప్రీంకోర్టుకు చేరింది. 1977లో ఆ న్యాయస్థానం వారమంటే ఏడు రోజులేననీ, ఆదివారాలకు కూడ చెల్లించవలసినదేననీ తేల్చింది. పన్నెండు ఆదివారాల కూలి కోసం నడచిన ఆ వ్యాజ్యం ఈనాటికీ ప్రతి తల్లి లెక్కనూ నిలబెడుతున్నది. సెలవుకు ముందటి మూడు నెలల జీతంమీద రోజు సగటు కట్టి, 182 రోజులకూ చెల్లించాలి. కాన్పుకు ముందు భాగపు సొమ్ము గర్భధారణ ధ్రువపత్రం చూపినప్పుడు ముందుగాను, మిగిలినది కాన్పు ధ్రువపత్రం చూపిన 48 గంటలలోను ఇవ్వాలని చట్టం.

ఒక చిక్కు మిగిలింది. బిడ్డలు క్యాలెండరు చూచుకొని పుట్టరు. అనుకున్న తేదీకి నాలుగు రోజులు అటూ ఇటూ అయినా, సెలవు ఆగస్టు 25నే మొదలైనది గనుక తిరిగివచ్చే తేదీ కదలదు. కాని సెలవు మొదలు కాకముందే కాన్పయితే? ఉదాహరణకు ఆగస్టు 19 మంగళవారం నాడే బిడ్డ పుడితే సెలవు ఆనాడే ప్రారంభమవుతుంది; తిరిగి చేరవలసినది 2026 ఫిబ్రవరి 17, అదికూడ మంగళవారమే. ఈ సంగతి లేఖలో ఒక్క వాక్యంలో చెప్పి ఉంచితే, పురిటిమంచం మీదనుంచి మరో ఉత్తరం వ్రాయవలసిన అవసరం ఉండదు.

ఇక చార్జి అప్పగింత. దీనికి చట్టంతో సంబంధం లేదు. అప్పగింత జాబితా ఇవ్వలేదని ఎవరూ సెలవు నిరాకరించలేరు. మరి ఎందుకు వ్రాయాలి? అధ్యాపకురాలు లేని ఆరు నెలలూ పాఠం వినవలసిన పిల్లలు ఉంటారు గనుక వ్రాయాలి. తిరిగి వచ్చినప్పుడు తన పని తనకు గుర్తుపట్టేటట్లు ఉండాలి గనుక కూడ వ్రాయాలి. వివరంగా అప్పగించినవారు తిరిగి పుచ్చుకొనే హక్కును కూడ ఆ కాగితంమీదే వ్రాసి పెట్టుకున్నట్లు.

మా శిష్యురాలి మొదటి ముసాయిదాలో “ఛందస్సు సగం అయింది” అని ఉన్నది. “ఏ సగం?” అని అడిగాను. నా 1998నాటి కథలో ఇదికూడ ఒక ఘట్టం. నేను వృత్తాలన్నీ ముగించి వెళ్లాను. నా స్థానంలో వచ్చినవారికి ఆ సంగతి తెలియక మళ్లీ గురులఘువులనుంచి మొదలుపెట్టి, ఉత్పలమాల చంపకమాలలు రెండవసారి చెప్పి, కందపద్యం చేరకముందే పరీక్షలు వచ్చిపడినవి. పిల్లలు వృత్తాలు రెండుసార్లు విన్నారు, కందం ఒక్కసారి వినలేదు. అందులో వచ్చినవారి తప్పేమీ లేదు. ఏది అయిందో వ్రాసి ఇవ్వని తప్పు నాది.

అందుచేత ఆమె చేత ఇట్లా వ్రాయించాను. “ద్వితీయ బి.ఏ. ఛందస్సు: గురులఘు నిర్ణయం, గణాలు, వృత్తాలు ఆగస్టు 22 నాటికి పూర్తి. మిగిలినవి: జాతులలో కందం, ద్విపద, ఉపజాతులలో ఆటవెలది, తేటగీతి, సీసం, ఆపైన అలంకారాలు.” ఏ పనికైనా ఇదే నమూనా. ఎంతవరకు అయింది, మిగిలినది ఏమి, కాగితాలు ఎక్కడ ఉన్నవి, తరువాతి గడువు ఏనాడు, ఎవరి చేతికి వెళుతున్నది? ఈ అయిదు ప్రశ్నలకూ సమాధానం ఉంటే అప్పగింత పూర్తి అయినట్లే.

ఈ ప్రశ్నలు వేసుకుంటూ పోతే మరచిపోయినవి బయటపడతవి. ఆగస్టు 29 గిడుగు రామమూర్తిగారి జన్మదినం, తెలుగు భాషాదినోత్సవం. ఆమె సెలవులో వెళ్లిన అయిదవనాడే వస్తుంది. సాహితీ సంఘానికి కార్యదర్శి ఆమె. వ్యాసరచన పోటీ అంశాలు, బహుమతి పుస్తకాల జాబితా, సంఘపు ఖర్చుల పుస్తకం ఎవరికి ఇవ్వాలి? ఈ సంగతి ఆమెకు తట్టనేలేదు. అంతకంటె ముఖ్యమైనవి అంతర్గత పరీక్షల మార్కులు. సెలవుకు ముందు జరిగే పరీక్షకు ఆమె మార్కులు వేసి, పట్టికమీద సంతకం చేసి, శాఖాధిపతికి ఇచ్చి వెళ్లాలి. తరువాతి పరీక్ష కాగితాలు తరువాతివారే దిద్దాలి. సగం దిద్దిన కట్ట ఇంటికి పట్టుకుపోవడం ఇద్దరికీ చేటు.

“వీటిలో ఛందస్సు తరగతి ఫలానా వారు తీసుకుంటారు” అని ఆమె ఒక సహాధ్యాపకుని పేరు వ్రాసింది. “ఆయన్ను అడిగావా?” అన్నాను. అడగలేదు. అడగకుండా పేరు వ్రాస్తే, ఆయన కాదన్ననాడు ఆ పనికి దిక్కు ఉండదు, తిరిగివచ్చేసరికి స్నేహమూ మిగలదు. మరునాడు అడిగి, ఆయన ఒప్పుకున్న తరువాతనే పేరు వ్రాయమన్నాను. ఎవరూ దొరకని పనికి “శాఖాధిపతిగారు నిర్ణయించవలెను” అని వ్రాయడమే నిజాయితీ. మనిషిని వెతకడం యాజమాన్యం బాధ్యత, తల్లి బాధ్యత కాదు.

చివరిగా “ఇంటినుంచి కూడ చేతనైన సాయం చేస్తూనే ఉంటాను” అన్న వాక్యం. ఆమెకు అది అన్నిటికంటె మంచి వాక్యంగా తోచింది. నేను దానినే మొదట కొట్టివేశాను. కాన్పయిన తరువాత ఆరు వారాలపాటు తల్లిచేత పనిచేయించకూడదని చట్టం యాజమాన్యాన్ని నిషేధిస్తున్నది. తల్లిని కూడ చేయవద్దనే అంటున్నది. సెప్టెంబరు 15న కాన్పయితే అక్టోబరు 27 వరకు అన్నమాట. చేతనైన సాయం అన్నది హద్దులేని మాట. మొదట ఒక ఫోను, తరువాత ఒక ప్రశ్నపత్రం, ఆ పైన ఒక జవాబుపత్రాల కట్ట. కాదంటే మాట తప్పినట్లు, అవునంటే బాలింతకు నిద్ర లేనట్లు. అప్పగింత జాబితా నిండుగా ఉంటే ఈ వాక్యం అక్కరలేదు. జాబితా కొరతగా ఉన్నప్పుడే ఈ వాక్యం అవసరమవుతుంది.

తిరిగివచ్చే తేదీ గురించి ఆమె మరొక సందేహం వెలిబుచ్చింది. “ఫిబ్రవరి 23 అని వ్రాసి, ఆనాటికి రాలేకపోతే?” ఈ భయం వల్లనే చాలామంది ఆ తేదీ వ్రాయరు. ప్రసవం వల్ల కలిగిన అనారోగ్యం ఉంటే, వైద్యుని ధ్రువపత్రంమీద మరొక నెల వరకు సెలవుకు చట్టం వీలు కల్పించింది. కనుక “చేరదలచినాను” అని వ్రాయవచ్చు. అది ఒట్టు కాదు, ఉద్దేశం. కాని ఆ ఉద్దేశం కాగితంమీద ఉన్నంతకాలం ఆమె ఉద్యోగం వదలిపోయిందని ఎవరూ అనలేరు. సెలవులో ఉన్న తల్లిని తొలగించడంగాని, ఆమె ఉద్యోగ నిబంధనలను ఆమెకు నష్టం కలిగేటట్లు మార్చడంగాని చట్టవిరుద్ధం. నాకిచ్చిన ఆ రెండవ నియామకపు కాగితం అందులో ఏ కోవకు చెందినదో చదువరులే ఊహించుకోగలరు.

ఆ తేదీకి ఇంట్లో కూడ ఆమోదం కావాలి. తొలికాన్పు పుట్టింట. వాళ్లమ్మగారు అప్పటికే లెక్కలు వేసి ఉంచారట. బిడ్డకు అయిదవ నెలలో సారె పెట్టి పంపాలి. అయితే పుష్యమాసంలో కదపకూడదు, మాఘం రావాలి. 2026లో మాఘమాసం జనవరి 19నే వచ్చింది. జూలైలోనే సెలవు మొదలుపెట్టి ఉంటే, మాఘం వచ్చిన మొదటినాడే కళాశాలలో సంతకం పెట్టవలసివచ్చేది. ఫిబ్రవరి 23 అనడంతో అత్తవారింట కుదురుకోవడానికీ, బిడ్డను చూచే మనిషిని వెతుక్కోవడానికీ అయిదు వారాలు దొరికినవి. ఆఫీసు పంచాంగమూ ఇంటి పంచాంగమూ ప్రక్కప్రక్కన పెట్టి చూడనివారికి ఈ తేదీ ఎప్పుడూ కుదరదు.

ఆ రాత్రి ఎనిమిది గంటలకు పూర్తి అయిన లేఖ ఇది. పేర్లు మాత్రం తీసివేశాను.

“ప్రిన్సిపాలుగారికి,

అయ్యా,

నేను ఈ కళాశాలలో 2023 జూన్ నుండి తెలుగు అధ్యాపకురాలుగా పనిచేస్తున్నాను. నా ప్రసవానికి అంచనా తేదీ 2025 సెప్టెంబరు 15 అని వైద్యులు ధ్రువీకరించారు. ధ్రువపత్రం జతపరుస్తున్నాను.

2025 ఆగస్టు 25, సోమవారం మొదలు 2026 ఫిబ్రవరి 22, ఆదివారం వరకు 26 వారాలు, అనగా 182 రోజులు, ప్రసూతి సెలవులో ఉంటానని తెలియజేస్తున్నాను. 2026 ఫిబ్రవరి 23, సోమవారం ఉదయం తిరిగి నా పనిలో చేరదలచినాను. ఆగస్టు 25కు ముందే ప్రసవమైనచో ఆ దినం నుండి సెలవు ప్రారంభమైనట్లు గ్రహించి, తిరిగి చేరే తేదీని ఆ మేరకు ముందుకు జరుపవలెను.

ఈ కాలానికి నాకు చెల్లవలసిన ప్రసూతి ప్రయోజనం నాకు, లేదా నా తల్లిగారికి చెల్లించవలెను. సెలవు కాలంలో మరే సంస్థలోను పనిచేయను.

నా తరగతులు, అంతర్గత పరీక్షల మార్కులు, సాహితీ సంఘం పనులు ఎంతవరకు జరిగినవో, ఎవరికి అప్పగిస్తున్నానో వేరు కాగితంమీద వ్రాసి జతపరిచాను. ఆగస్టు 18 నుండి 22 వరకు సంబంధించినవారితో కూర్చుని అన్నీ అప్పగిస్తాను. ఆ పిమ్మట ఈ విషయాలకు శాఖాధిపతిగారిని సంప్రదించవలెను.

తిరిగి చేరిన పిమ్మట బిడ్డకు 15 నెలలు నిండేవరకు పాలిచ్చుటకై చట్టం కల్పించిన రెండు విరామాలకు అనుగుణంగా నా టైంటేబులు ఏర్పరచ కోరుతున్నాను.

ఈ లేఖ అందినట్లు రెండవ ప్రతిమీద సంతకం, తేదీ వేయించి ఇప్పించవలెను.

భవదీయ.”

లేఖలో “కోరుతున్నాను” అన్న మాట ఒకేచోట ఉన్నది; టైంటేబులు విషయంలో. విరామాలు హక్కే గాని, ఏ గంటలో అన్నది కలిసి తేల్చుకోవలసిన సంగతి గనుక అక్కడ ఆ మాట ఉంచాము. మర్యాద ఎక్కడ అవసరమో అక్కడే ఉంటే దానికి విలువ.

మరునాడు కాక, సహాధ్యాపకుని అడిగి ఒప్పించిన తరువాత బుధవారంనాడు లేఖ ఇచ్చింది. ప్రిన్సిపాలుగారు రెండుసార్లు చదివి, “ఇందులో ప్రార్థన ఎక్కడా లేదేమమ్మా?” అన్నారట. తరువాత రెండవ కాగితం, అప్పగింత జాబితా చూచి, మాట్లాడకుండా రెండవ ప్రతిమీద సంతకం చేశారట. ఆ జాబితాను ఆయన శాఖాధిపతులందరికీ నమూనాగా పంపారని తరువాత విన్నాను.

సెప్టెంబరు 11న ఆమెకు ఆడపిల్ల పుట్టింది. నాలుగు రోజులు ముందుగానే, తేదీ కదలలేదు. ఫిబ్రవరి 23 సోమవారం ఉదయం పదిగంటలకు నాకు ఫోను చేసింది. “మేడమ్, హాజరుపట్టీలో నా పేరు నా పాత వరుసలోనే ఉన్నది” అన్నది. “ఛందస్సు?” అని అడిగాను. “కందం నవంబరులోనే చెప్పేశారట. నిన్నటిదాకా చెప్పినది ఎక్కడికి వచ్చిందో నాకు కూడ కాగితం వ్రాసి ఇచ్చారు” అన్నది.

ఇరవై ఏడేళ్ల క్రితం నాకు రావలసిన కాగితం అది. ఎవరికైతేనేం, అందింది.